గంట పర్మిషన్ తీసుకుంటే ఎంత లీవ్ కట్ అవ్వాలి?

మా రిసెప్షన్‌లో పనిచేసే ఆవిడ డ్యూటీ రోజుకు ఆరు గంటలు. ఆ ఏడాది డిసెంబరు నాటికి ఆవిడ ఖాతాలో రెండు రోజుల లీవ్ మిగిలింది. బాబుకి ఫిజియోథెరపీ ఉందని ఆ నెలలో ఆరుసార్లు గంట చొప్పున పర్మిషన్ తీసుకుంది. నెలాఖరున చెల్లెలి గృహప్రవేశానికి ఒక రోజు లీవ్ పెడితే సిస్టమ్ తిప్పి పంపింది. బ్యాలెన్స్ చాలదట. స్క్రీన్ మీద 0.98 అని ఉంది.

"ఆరు గంటలు వాడుకున్నా సార్. నా డ్యూటీయే ఆరు గంటలు. అంటే ఒక్క రోజు. రెండులో ఒకటి పోతే ఒకటి మిగలాలి కదా? ఈ తొంభై ఎనిమిది ఎక్కడిది?" అని అడిగింది.

లెక్క చూసేది నేనే. ఆవిడ అడిగిందాంట్లో తప్పు లేదు. గంటకు రోజులో ఆరో వంతు పోవాలి, అంటే 0.1666 అని ఎక్కడా ఆగకుండా పోయే అంకె. సిస్టమ్ దాన్ని రెండు దశాంశ స్థానాలకు సరిచేసి 0.17 అని రాసుకుంది. ఆరుసార్లు 0.17 అంటే 1.02. రెండులోంచి అది తీస్తే 0.98. ఏడు నిమిషాల తేడాకు మనిషి రోజంతా లీవ్ పోగొట్టుకుంది.

ఇదే మా అకౌంటెంట్‌కి తిరగబడుతుంది. ఆయన రోజు ఏడున్నర గంటలు. గంటకు 0.1333 పోవాల్సిన చోట 0.13 పోతుంది, అరగంటకు 0.07. ఏడు గంటలు, ఒక అరగంట విడివిడిగా వాడుకుంటే మొత్తం 0.98 మాత్రమే కట్ అవుతుంది. ఆయనకి 0.02 లాభం. ఆ లాభం గురించి ఆయన ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు, సహజమే. అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. నష్టపోయినవాళ్లలో కూడా ఖాతా అడుగంటే దాకా వచ్చినవాళ్లకే కనబడుతుంది.

మన దేశంలో ఇలాంటి తంటా ఒకసారి దేశమంతా పడింది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చినప్పుడు రూపాయికి పదహారు అణాలు పోయి వంద నయాపైసలు వచ్చాయి. అణాకి ఆరుంపావు నయాపైసలు రావాలి. పావు పైసా లేదు కాబట్టి అణాకి ఆరు అన్నారు. పదహారు అణాల్ని ఒక్కొక్కటిగా మార్చుకుంటే చేతికొచ్చేది 96. రూపాయి మొత్తంగా మార్చుకుంటే 100. మా రిసెప్షన్ ఆవిడకి జరిగిందీ అచ్చం ఇదే. రోజు మొత్తంగా లీవ్ పెట్టుంటే ఒక రోజు పోయేది, గంటలుగా పెట్టింది కాబట్టి ఒక రోజు మీద ఇంకాస్త పోయింది.

ఈ పోలిక ఊరికే తేలేదు. లీవ్ ఖాతాని నోటు, చిల్లర లాగా చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. రోజు ఒక నోటు, గంటలు చిల్లర. తేడా ఒక్కటే: నోటుకి ఎంత చిల్లర వస్తుందన్నది మనిషిని బట్టి మారుతుంది. రిసెప్షన్ ఆవిడ నోటు మారిస్తే ఆరు గంటలు, అకౌంటెంట్‌కి ఏడున్నర, రాత్రి సపోర్ట్ టీమ్‌లో వారానికి నాలుగు రోజులే వచ్చే కుర్రాడికి పది, మధ్యాహ్నం వరకే పనిచేసే డేటా ఎంట్రీ అమ్మాయికి నాలుగు.

అందరికీ ఎనిమిదే అంటే

చాలా చోట్ల సిస్టమ్ పెట్టేటప్పుడు "ఒక రోజుకి ఎన్ని గంటలు" అని ఒక గడి అడుగుతుంది. కంపెనీ మొత్తానికి ఒకటే గడి. అందులో 8 అని కొట్టి ముందుకు వెళ్తారు. అందరూ ఎనిమిది గంటలు పనిచేసినంతకాలం ఏ గొడవా ఉండదు. మొదటి పార్ట్‌టైమ్ ఉద్యోగి చేరిన రోజు నుంచి లెక్క చెడుతుంది.

డేటా ఎంట్రీ అమ్మాయినే చూడండి. ఆమె రోజు నాలుగు గంటలు. రెండు గంటలు పర్మిషన్ పెడితే సగం రోజు పోవాలి. సిస్టమ్ రెండుని ఎనిమిదితో భాగించి 0.25 తీస్తుంది. రోజంతా రాకుండా దాన్ని "నాలుగు గంటల పర్మిషన్" అని పెడితే 0.5 మాత్రమే పోతుంది. ఈ కిటుకు తెలిసిందంటే ఆమె పదిహేను రోజుల లీవ్ ముప్ఫై రోజులవుతుంది. రాత్రి సపోర్ట్ కుర్రాడిది రివర్స్. హాఫ్ డే బటన్ నొక్కితే 0.5 పోతుంది, అదే ఐదు గంటలు అని టైప్ చేస్తే 0.625. పది గంటలూ గంటల్లో పెడితే 1.25. ఒక్క రోజు రానందుకు ఒకటింపావు రోజు!

తప్పుని పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి ఇక్కడి నుంచే వచ్చింది. ఒకే గైర్హాజరుకి రెండు ధరలు ఉన్నాయా అని చూస్తాను. ఒక్కో రకం డ్యూటీ ఉన్న మనిషి పేరు మీద మూడు దొంగ రిక్వెస్టులు వేస్తాను: రోజంతా లీవ్ ఒకటి, ఉదయం సగం, మధ్యాహ్నం సగం కలిపి ఒకటి, మొత్తం డ్యూటీని గంట గంటగా ముక్కలు చేసి ఒకటి. మూడింటికీ సరిగ్గా ఒక రోజే కట్ అవ్వాలి. ఎక్కడ తేడా వచ్చినా ఆ సెట్టింగ్ నమ్మదగింది కాదు. ఎనిమిది గంటల మనిషి మీద మాత్రమే పరీక్షించి "అంతా బాగానే ఉంది" అనేవాళ్లని చాలామందిని చూశాను. ఎనిమిదో వంతు 0.125 కాబట్టి మూడు దశాంశ స్థానాలు ఉంచే సిస్టమ్‌లో చక్కగా ఇమిడిపోతుంది. పరీక్షకి ఎనిమిది పనికిరాదు. ఆరు, ఏడున్నర, తొమ్మిది పెట్టి చూడాలి.

పోనీ మొత్తం గంటల్లోనే రాసుకుంటే?

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక దారి చెబుతారు. రోజులనే మాట తీసేయండి, ఖాతా మొత్తం గంటల్లో పెట్టండి, అందరికీ ఏడాదికి 120 గంటలు ఇవ్వండి, ఎన్ని గంటలు రాకపోతే అన్ని కట్ చేయండి, భాగహారమే ఉండదు అని. వినడానికి బాగుంటుంది. మేమూ ఒక నెల రోజులు దీనికే మొగ్గాం.

కానీ చట్టం రోజుల్లో మాట్లాడుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు చోట్లా 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం అర్హత ఉన్న ఉద్యోగికి ఏడాదికి కనీసం పదిహేను రోజులు వేతనంతో కూడిన సెలవు ఇవ్వమంటుంది. 120 గంటలు ఎనిమిది గంటల మనిషికి సరిగ్గా పదిహేను రోజులు. పది గంటల కుర్రాడికి పన్నెండు రోజులే. అతను నష్టపోవడం ఒక్కటే కాదు, చట్టం చెప్పిన కనీసం కంటే మూడు రోజులు తక్కువ ఇచ్చినట్టు. తెలంగాణలో 2025 జులై నుంచి వాణిజ్య సంస్థల్లో వారానికి 48 గంటలు దాటకుండా రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చు. కాబట్టి ఇలాంటి పొడుగు రోజుల డ్యూటీలు ఇకముందు ఇంకా కనిపిస్తాయి.

అందరికీ సమానంగా గంటలు ఇవ్వొద్దు, ఎవరి రోజుని బట్టి వాళ్లకు పదిహేను రోజుల విలువైన గంటలు ఇద్దాం అన్నారు మా మేనేజర్. కుర్రాడికి 150, రిసెప్షన్‌కి 90. ఇది మెరుగే. రోజులన్నీ ఒకే పొడవుగా ఉన్నవాళ్లకు సరిపోతుంది కూడా. అయితే మా స్టోర్స్ చూసే ఆయన సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏడు గంటలు, శనివారం ఐదు గంటలు పనిచేస్తాడు. వారానికి 40, ఆరు రోజులు. సగటు రోజు ఆరు గంటల నలభై నిమిషాలు, పదిహేను రోజులకు సరిగ్గా వంద గంటలు. ఆయన శనివారాలు ముట్టుకోకుండా పనిదినాల్లోనే లీవ్ పెట్టాడనుకోండి, పద్నాలుగు రోజులకే 98 గంటలు అయిపోతాయి. పదిహేనో రోజుకి రెండు గంటలే మిగులుతుంది. మళ్లీ పదిహేనుకి తక్కువే. శనివారాలే పెట్టుకుంటే ఇరవై రోజులొస్తాయి. లేబర్ ఇన్‌స్పెక్టర్ వచ్చి "ఈయనకి పదిహేను రోజులు ఇచ్చారా?" అని అడిగితే "ఏ రోజులు తీసుకున్నాడో చూసి చెబుతాం" అనాలి. అది జవాబు కాదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మనుషులు గంటల్లో ఆలోచించరు. "నాకు ఇంకా ఎన్ని రోజులున్నాయి?" అని అడుగుతారు. ఊరికి వెళ్లాలంటే, పెళ్లికి వెళ్లాలంటే రోజులే లెక్క. 67 గంటల 30 నిమిషాలు ఉందని చూపిస్తే ఆ మనిషి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయాలి.

జపాన్ వాళ్లు దీన్ని ఎలా తేల్చారు

గంటల లెక్కన సెలవు ఇవ్వడాన్ని చట్టంలోనే రాసుకుని, దానివల్ల వచ్చే చిల్లర ప్రశ్నలకు కూడా ఓపిగ్గా జవాబులు రాసిన దేశం నాకు తెలిసి జపాన్. అక్కడి కార్మిక ప్రమాణాల చట్టానికి చేసిన సవరణ 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఉద్యోగుల ప్రతినిధులతో యాజమాన్యం రాతపూర్వక ఒప్పందం చేసుకుంటే ఏడాదికి ఐదు రోజుల విలువ వరకు వార్షిక సెలవుని గంటల్లో వాడుకోవచ్చు. మిగతాదాన్ని గంటలుగా ముక్కలు చేయకూడదు. సెలవు అంటే విశ్రాంతి, దాన్ని మొత్తం గంటలుగా తురిమేస్తే విశ్రాంతి మిగలదన్నది దాని వెనక ఉన్న ఆలోచన.

మనకు పనికొచ్చేది వాళ్ల ఖాతా రాసే తీరు. బ్యాలెన్స్‌ని దశాంశంలో రాయరు. "మూడు రోజుల మూడు గంటలు" అని రెండు గళ్లలో ఉంచుతారు. రోజంతా సెలవు పెడితే రోజుల గడిలోంచి ఒకటి పోతుంది, ఆ రోజు పొడుగుదా పొట్టిదా అని ఎవరూ చూడరు. గంటలు కావాలంటే గంటల గడిలోంచి పోతాయి, అక్కడ చాలకపోతే ఒక రోజుని మార్చి గంటలు చేసుకుంటారు. నోటు, చిల్లరే.

మారకం రేటు ఎంత? ఆ ఉద్యోగి రోజువారీ పని గంటలు. రోజు రోజుకీ గంటలు మారేవాళ్లకు ఏడాది మీద సగటు తీసుకుంటారు. అక్కడ గంటకంటే చిన్న ముక్క ఉండదు కాబట్టి ఏడున్నర గంటల మనిషికి నోటు మారిస్తే ఏడున్నర ఇవ్వలేరు. ఏడు ఇస్తే అరగంట పోతుంది. అందుకని పైకి సరిచేసి ఎనిమిది ఇవ్వాలన్నారు. ఈ చిన్న మాటలో ఒక పెద్ద నిర్ణయం ఉంది: సరిచేయక తప్పనప్పుడు అది ఎప్పుడూ ఉద్యోగి వైపే. మా సిస్టమ్ చేసినట్టు ఒకరికి 0.17, ఇంకొకరికి 0.13 అని అదృష్టానికి వదిలేయరు.

హాఫ్ డేని వాళ్లు ఈ గంటల పద్ధతిలో కలపలేదు. అది వేరే రకం, ఐదు రోజుల పరిమితిలోకి రాదు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

మేము రాసుకున్న లెక్క

మా ఆఫీసులో పర్మిషన్ అరగంట, ముప్పావుగంట కూడా ఉంటుంది కాబట్టి చిల్లర గడిని గంటల్లో కాకుండా నిమిషాల్లో పెట్టాం. నిమిషాలు పూర్ణాంకాలు. ఏడున్నర గంటలు 450 నిమిషాలు, ఆరు గంటలు 360. భాగహారం చేయం, తీసివేత మాత్రమే. అందువల్ల సరిచేయాల్సిన అవసరమే దాదాపు రాదు. లెక్క మొత్తం ఇంతే:

```python
def deduct(days, mins, take, day_mins):
    while mins < take:
        if days == 0:
            raise ValueError("బ్యాలెన్స్ చాలదు")
        days -= 1
        mins += day_mins
    return days, mins - take
```

ఇందులో `take` అంటే రాకుండా ఉండే నిమిషాలు, `day_mins` అంటే ఆ మనిషి నోటుకి వచ్చే చిల్లర. చిల్లర చాలకపోతే ఒక నోటు మారుస్తుంది, చాలితే తీసేస్తుంది.

రిసెప్షన్ ఆవిడతో చూద్దాం. రెండు రోజులు, సున్నా నిమిషాలు. మొదటి గంట పర్మిషన్‌కి చిల్లర లేదు, ఒక రోజు మారుస్తాం: ఒక రోజు, 360 నిమిషాలు. అందులోంచి 60 పోతే ఒక రోజు ఐదు గంటలు. ఇంకో ఐదుసార్లకి ఆ ఐదు గంటలూ పోయి ఒక రోజు, సున్నా. గృహప్రవేశానికి నోటు చెక్కుచెదరకుండా ఉంది.

రాత్రి సపోర్ట్ కుర్రాడికి ఐదు రోజుల రెండు గంటలు ఉంది, మూడు గంటలు పర్మిషన్ కావాలి. ఉన్న రెండు గంటలు చాలవు. ఒక రోజు మారిస్తే నాలుగు రోజుల పన్నెండు గంటలు, మూడు తీస్తే నాలుగు రోజుల తొమ్మిది గంటలు. తొమ్మిది గంటలు ఆయన రోజుకంటే తక్కువే కాబట్టి చిల్లరగానే ఉంటుంది. చిల్లర ఎప్పుడైనా రోజుకి సమానమైనా, దాటినా వెనక్కి నోటు చేసేయాలి. లేకపోతే "నాలుగు రోజుల పది గంటలు" అని చూపించి, ఐదో రోజు లీవ్ పెడితే లేదంటుంది. మొదట్లో మాకు అదే జరిగింది.

ఈ లెక్కలోకి వచ్చే `take` అంకె సరిగ్గా ఉండాలి, అసలు తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. అకౌంటెంట్ ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చి సాయంత్రం ఆరుకి వెళ్తాడు. గడియారం ప్రకారం ఎనిమిదిన్నర గంటలు, మధ్యలో ఒంటిగంట నుంచి రెండు దాకా లంచ్ తీస్తే ఏడున్నర. ఆయన ఒకరోజు బ్యాంకు పని మీద పన్నెండు నుంచి మూడు దాకా పర్మిషన్ పెట్టాడు. సిస్టమ్ మూడులోంచి పన్నెండు తీసి మూడు గంటలు కట్ చేసింది. లంచ్ గంట ఆయన సొంతం, దానికి లీవ్ అక్కర్లేదు. రెండు గంటలే పోవాలి. ఇది పట్టుకోవడం తేలిక: వచ్చే టైమ్ నుంచి వెళ్లే టైమ్ దాకా మొత్తం పర్మిషన్ పెట్టి చూడండి. ఏడున్నర కాకుండా ఎనిమిదిన్నర అని వస్తే సిస్టమ్‌కి లంచ్ సంగతి తెలియదన్నమాట.

హాఫ్ డే అంటే సగమేనా?

లంచ్ దగ్గరకొచ్చాం కాబట్టి హాఫ్ డే. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో సగం రోజు సీఎల్ ఉంది, అక్కడ లంచ్ విరామమే సరిహద్దు. ఐదు రోజుల వారం ఉన్న ఆఫీసులో తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఒక సగం, ఒకటిన్నర నుంచి ఐదున్నర దాకా ఇంకో సగం. రెండూ నాలుగేసి గంటలు, చక్కగా కుదిరాయి.

మా అకౌంటెంట్‌కి కుదరవు. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా మూడున్నర గంటలు, రెండు నుంచి ఆరు దాకా నాలుగు గంటలు. హాఫ్ డే అంటే ఏడున్నరలో సగం, మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. ఉదయం రాకపోతే పావుగంట నష్టం, మధ్యాహ్నం వెళ్లిపోతే పావుగంట లాభం. మా హాజరు పట్టీ తిరగేస్తే హాఫ్ డేలు ఎక్కువగా మధ్యాహ్నాలే ఉంటాయి. దానికి ఈ పావుగంట కారణం కాదనుకోండి, సినిమాలు, ప్రయాణాలు మధ్యాహ్నమే మొదలవుతాయి.

దీన్ని నిమిషాలకు సరిచేద్దామా అని చాలాసేపు వాదించుకున్నాం. వద్దని తేల్చాం. హాఫ్ డే అనేది సగం నోటు. ఏ సగమైనా సగమే. రెండు సగాలు కలిపితే ఒక రోజు అవ్వాలి, ఆ ఒక్క మాట నిలబడితే చాలు. జపాన్‌లో హాఫ్ డేని గంటల పద్ధతి నుంచి విడిగా ఉంచింది కూడా అందుకే పనికొచ్చింది: గంటలు కొలిచి ఇచ్చేది ఒకటి, పూటని చూసి ఇచ్చేది ఇంకొకటి. రెండూ కలిపితే ప్రతి హాఫ్ డేకీ స్కేలు పట్టుకుని కూర్చోవాలి.

కాకపోతే ఒక తలుపు మూయాలి. ఉదయం మూడున్నర గంటలూ పర్మిషన్‌గా పెడితే 210 నిమిషాలే పోతాయి, హాఫ్ డేగా పెడితే 225. మళ్లీ ఒకే గైర్హాజరుకి రెండు ధరలు. అందుకని పర్మిషన్ ఒక పూటని పూర్తిగా మింగేస్తే దాన్ని హాఫ్ డేగా మార్చేస్తాం. రోజంతా మింగేస్తే ఒక రోజుగా. స్టోర్స్ ఆయనకి ఇది మరీ అవసరం. ఆయన నోటుకి చిల్లర సగటు ప్రకారం 400 నిమిషాలు. శనివారం ఐదు గంటలూ పర్మిషన్ పెట్టనిస్తే 300 నిమిషాలే పోతాయి, రోజులో ముప్పావు వంతుకి రోజంతా దొరుకుతుంది. ఈ నియమంతో అది ఒక రోజు అవుతుంది. శనివారం నాలుగు గంటలు పెట్టి ఒక గంట పనిచేసి వెళ్తే మాత్రం 240 నిమిషాలే. ఆ కంత పూడ్చలేదు. పూడ్చాలంటే శనివారానికి వేరే రేటు పెట్టాలి, అప్పుడు ఒకే మనిషి చిల్లర రెండు రకాలవుతుంది, ఖాతాలో ఏ గంట ఏ రోజుదో గుర్తుంచుకోవాలి. శనివారం గంట కోసం ఊరు దాటి వచ్చేవాడికి ఆ లాభం ఇచ్చేయొచ్చని నా అభిప్రాయం.

నడిమధ్య డ్యూటీ మారితే

ఇన్నాళ్లూ ఎనిమిది గంటలు పనిచేసిన ఒకామె డెలివరీ తర్వాత రోజుకి నాలుగు గంటలకు మారింది. వారానికి వచ్చే రోజులు మాత్రం మారలేదు. అప్పటికి ఆమె ఖాతాలో ఆరు రోజుల మూడు గంటలు ఉంది. ఇప్పుడు ఎంత?

ఖాతా మొత్తం గంటల్లో ఉంటే 51 గంటలు. నాలుగుతో భాగిస్తే పన్నెండుంముప్పావు రోజులు. రాత్రికి రాత్రి సెలవు రెట్టింపయింది. తగ్గించాల్సిందేనని మేనేజర్, ఫుల్‌టైమ్‌లో సంపాదించుకున్న గంటలు కదా అని ఆమె. ఇద్దరి మాటా ఒక వైపు నుంచి నిజమే. ఫుల్‌టైమ్‌లో పోగై, వాడుకునే వీలు దొరకని సెలవుని పార్ట్‌టైమ్‌కి మారారన్న కారణంతో కోయడం కుదరదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2010లో ఆస్ట్రియాలోని టిరోల్ కేసులో తేల్చింది. అక్కడ ఆమె వాదనకి బలం ఎక్కువ.

నోటు, చిల్లర పద్ధతిలో వాదన చిన్నదవుతుంది. జపాన్ కార్మిక శాఖ చెప్పే లెక్క ప్రకారం రోజులు రోజులుగానే ఉంటాయి, చిల్లరని మాత్రం కొత్త రోజు పొడవుకి దామాషాలో మారుస్తారు, ముక్క మిగిలితే పైకి సరిచేస్తారు. వాళ్ల ఉదాహరణలో మూడు రోజుల మూడు గంటలు ఉన్న మనిషి ఎనిమిది నుంచి నాలుగు గంటలకు మారితే మూడు గంటలు ఒకటిన్నర అవుతుంది, దాన్ని రెండు చేసి మూడు రోజుల రెండు గంటలు ఇస్తారు. మాకు నిమిషాలున్నాయి కాబట్టి ఆమెకి ఆరు రోజుల గంటన్నర వచ్చింది. ఆరు రోజులు ఇంట్లో ఉండే హక్కు అలాగే ఉంది.

జీతం సంగతి మాత్రం ఇది తేల్చదు. అప్పటి ఒక రోజు ఎనిమిది గంటల జీతం విలువది, ఇప్పటి రోజు నాలుగు గంటలది. ఆమె ఉద్యోగం మానేసి మిగిలిన లీవ్‌ని డబ్బుగా అడిగితే ఏ రేటు కట్టాలన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లో ముందే రాసి ఉండాలి. మాది రాసి లేదు. మార్పు జరిగిన రోజు నాటి బ్యాలెన్స్‌ని పాత రేటుతో విడిగా నమోదు చేసి, ముందు అదే వాడుకున్నట్టు లెక్కేశాం. అంతకంటే మర్యాదైన దారి మాకు తోచలేదు.

అప్పటి నుంచే ఖాతాలో ప్రతి వరుసకీ ఇంకో గడి చేర్చాం: ఆ లీవ్ నాటికి ఆ మనిషి రోజు ఎన్ని నిమిషాలు. ఉద్యోగి వివరాల్లో ఉన్న డ్యూటీని చూసి పాత లీవ్‌ల లెక్క మళ్లీ కడితే చరిత్ర మొత్తం మారిపోతుంది. ఎనిమిది గంటల రోజుల్లో ఆమె తీసుకున్న నాలుగు గంటల పర్మిషన్లన్నీ ఇప్పుడు ఫుల్ డేలుగా కనబడతాయి. ఏ రేటు అన్నదీ లీవ్ పెట్టిన తేదీని బట్టి కాదు, లీవ్ పడే తేదీని బట్టి. సెప్టెంబరులో కూర్చుని నవంబరుకి పర్మిషన్ పెడితే, అక్టోబరులో డ్యూటీ మారితే, నవంబరు రేటే.

పాత దశాంశాల ఖాతాని కొత్తదానికి మార్చేటప్పుడు 0.98ని 360తో గుణించి 353 నిమిషాలు అని రాసుకోవడానికి ఒకరు సిద్ధపడ్డారు. అది తప్పుని కొత్త పుస్తకంలోకి ఎక్కించడమే. హాజరు పట్టీలోంచి ఆ ఏడాది పర్మిషన్లన్నీ తీసి, మొదటి తేదీ నుంచి మళ్లీ కట్టుకుంటూ వచ్చాం. రెండు సాయంత్రాలు పట్టింది. ఎవరికైతే పాత తప్పు లాభం చేకూర్చిందో వాళ్ల దగ్గర వెనక్కి లాక్కోలేదు, నష్టపోయినవాళ్లకి కలిపాం.

ఆ ఆమె విషయంలోనే ఇంకోటి బయటపడింది. ఎనిమిది గంటలప్పుడు మూడు గంటలు పర్మిషన్ తీసుకున్నట్టు నమోదైన ఒక రోజు, నిజానికి ఆమె ఆఫీసులోనే ఉంది. మీటింగ్ రద్దయిందని వెళ్లలేదు, క్యాన్సిల్ చేయడం మరిచిపోయింది. డ్యూటీ మారాక క్యాన్సిల్ చేస్తే సిస్టమ్ మూడు గంటలు వెనక్కి వేసింది. నాలుగు గంటల రోజుకి మూడు గంటలంటే ముప్పావు రోజు, పోయిందేమో ఎనిమిదిలో మూడు వంతులు. తిరిగి రావాల్సింది గంటన్నర. వరుసలో 480 అని రాసి ఉండబట్టి దొరికింది.